బంకులో రాత్రి షిఫ్టు లెక్క: మీటరు రీడింగు నుంచి చివరి యూపీఐ దాకా

పగటి షిఫ్టు లెక్క బంకులో ఎవరైనా కడతారు. తేలనిది రాత్రి షిఫ్టే. సాయంత్రం ఆరుకి మొదలై తెల్లారి ఆరుకి ముగిసే ఆ పన్నెండు గంటల్లో తేదీ మారిపోతుంది. కార్డు మెషిన్ తనంతట తాను బ్యాచ్ మూసేసుకుంటుంది. దిగబోయే ముందు టెస్టింగ్ జరుగుతుంది. రేటు మారేదుంటే సరిగ్గా ఆరింటికే మారుతుంది. కావలికీ ఒంగోలుకీ మధ్య పదహారో నంబరు హైవే మీదున్న బంకులకు రాత్రిపూట గిరాకీ కూడా తక్కువేం కాదు. కృష్ణపట్నం పోర్టు నుంచి పైకి పోయే లారీలు, చీమకుర్తి రాయి మోసే బండ్లు, పొద్దుగూకే వేళకు రొయ్యల గుంటల జనరేటర్ల కోసం ఆటోలో వచ్చే డీజిల్ డ్రమ్ములు, అన్నీ ఆ షిఫ్టులోనే పడతాయి.

అందుకే ఇక్కడ ఒకే ఒక్క సేల్స్‌మ్యాన్ రాత్రి షిఫ్టు తీసుకుని, లెక్క మొదటి నుంచి చివరి దాకా ఎలా కట్టాలో చెబుతాను. అది వచ్చినవాళ్లకు మిగతా షిఫ్టులు కష్టం కావు.

లెక్క మొత్తం ఈ మూడు వరుసలే:

```
అమ్మిన లీటర్లు = క్లోజింగ్ - ఓపెనింగ్ - టెస్టింగ్
రావలసింది = అమ్మిన లీటర్లు × రేటు + ఆయిల్ అమ్మకం
వచ్చింది = (క్యాష్ - ఇచ్చిన చిల్లర) + కార్డు + యూపీఐ + ఫ్లీట్ కార్డు + ఖాతా చీటీలు
```

రావలసిందానికంటే వచ్చింది తక్కువైతే షార్టు, ఎక్కువైతే ఎక్సెస్. ఒక విషయం ముందే చెప్పాలి. ఈ లెక్క ఒక్కో సేల్స్‌మ్యాన్‌కి, అతని చేతిలో ఉన్న నాజిళ్లకు విడివిడిగా కట్టాలి. బంకు మొత్తానికి ఒకేసారి కడితే ఒకరి షార్టూ ఇంకొకరి ఎక్సెస్సూ కలిసిపోయి పైకి అంతా సవ్యంగానే కనిపిస్తుంది.

రీడింగు తీయడం

ప్రతి నాజిల్‌కీ టోటలైజర్ ఉంటుంది. అది ఆ నాజిల్ మొదటి నుంచీ పోసిన మొత్తం లీటర్లు చూపించే అంకె. బండికి పోసేటప్పుడు పైన కనిపించే అంకె వేరు, ఇది వేరు. షిఫ్టు మారేటప్పుడు దిగే మనిషీ ఎక్కే మనిషీ ఇద్దరూ పంపు ముందు నిలబడి టోటలైజర్ చూడాలి. ఒకరు చదవాలి, ఒకరు రాయాలి, ఇద్దరూ సంతకం పెట్టాలి. ఫోన్‌లో ఫోటో కూడా తీసి పెట్టుకోండి. లైటు సరిగా లేని పంపు దగ్గర 3 చూసి 8 అని, 1 చూసి 7 అని రాయడం మామూలే. ఒకరి క్లోజింగే ఇంకొకరి ఓపెనింగ్ కాబట్టి, తప్పు రాస్తే దిగినవాడికి షార్టు పడినంతా ఎక్కినవాడికి ఎక్సెస్‌గా తేలుతుంది.

రీడింగు తీసేటప్పుడు నాజిల్ కొక్కేనికి తగిలించి ఉండాలి. పోస్తూ ఉన్న పంపు మీద రీడింగు రాయకూడదు. చెప్పడానికి తేలికే గానీ, ఆరింటికి మూడు లారీలు వరసలో ఉన్నప్పుడు "ఇది పోసేసి రాద్దాంలే అన్నా" అనే మాట రానే వస్తుంది. ఒప్పుకోకండి. రెండు నిమిషాలు ఆగితే లారీ ఎక్కడికీ పోదు.

ఆరు గంటలు అని పట్టుబట్టడానికి ఇంకో కారణం రేటు. 2017 జూన్ 16 నుంచి దేశమంతా రోజువారీ రేట్ల పద్ధతి వచ్చింది, కొత్త రేటు ఉదయం ఆరుకి అమల్లోకి వస్తుంది. నెలల తరబడి రేటు కదలని కాలంలో ఈ క్రమశిక్షణ సడలిపోతుంది. ఆరూ ఇరవైకి రీడింగు తీసినా ఎవరికీ తేడా తెలియదు. ఆ తర్వాత 2024 మార్చి 15 లాంటి రోజు వస్తుంది. ఆ ఉదయం ఆరు నుంచి పెట్రోలు, డీజిల్ రెండూ లీటరుకు రెండు రూపాయలు తగ్గాయి. అలాంటి రోజున రీడింగు ఇరవై నిమిషాలు ఆలస్యమై, ఆలోగా నూట యాభై లీటర్లు పోయాయనుకోండి. పాత రేటుతో లెక్క కడితే రాత్రి మనిషికి చేయని నేరానికి మూడు వందలు షార్టు పడుతుంది.

టెస్టింగ్ లీటర్లు

తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉన్న ఐదు లీటర్ల కొలత పాత్రలో రోజూ ప్రతి నాజిల్ నుంచీ పోసి చూస్తాం. ఐదు లీటర్లకు ఇటూ అటూ 25 మిల్లీలీటర్లు దాటకూడదు. పోసిన నూనెను తిరిగి అదే ట్యాంకులో పోసేస్తాం. అది అమ్మకం కాదు, కానీ మీటరు తిరిగింది. కాబట్టి తీసేయాలి.

ఇక్కడ తగాదా వచ్చేది, ఆ ఐదు లీటర్లు ఎవరి షిఫ్టులో పోశారన్న దాని మీద. క్లోజింగ్ రీడింగుకు ముందు పోస్తే రాత్రి మనిషి లెక్కలోంచి తీయాలి, తర్వాత పోస్తే పగటి మనిషి లెక్కలోంచి. బంకుకొక పద్ధతి పెట్టుకుని గోడ మీద రాసేయండి. నా మటుకు నాకు, రీడింగు తీశాక పగటి మనిషి చేత చేయించడమే నయం. రాత్రంతా మేలుకున్న మనిషి ఆఖరి పావుగంటలో ఏది పోశాడో ఏది రాశాడో అతనికే గుర్తుండదు. కింద చూపించే లెక్కలో మాత్రం రాత్రి మనిషే చేశాడు, చాలా బంకుల్లో అలాగే జరుగుతుంది కాబట్టి.

డబ్బు వైపు

క్యాష్ లెక్కపెట్టడంలో కొత్తగా చెప్పేదేమీ లేదు. నోట్లు రకాలవారీగా కాగితం మీద రాయించి, రాత్రి మధ్యలో ఆఫీసులో ఇచ్చిన డ్రాపులన్నీ కలిపి, సాయంత్రం ఇచ్చిన చిల్లర డబ్బు తీసేస్తే సరి. ఆ చిల్లర తీయడం మర్చిపోతే రోజూ అదే మొత్తం ఎక్సెస్ చూపిస్తుంది కాబట్టి వెంటనే పట్టుబడుతుంది.

కార్డుల దగ్గర జాగ్రత్త కావాలి. చాలా మెషిన్లు రాత్రి ఒక నిర్ణీత వేళకు వాటంతట అవే సెటిల్‌మెంట్ చేసుకుంటాయి. ఉదయం ఆరింటికి మీరు టోటల్ స్లిప్ తీస్తే అది ఆ సెటిల్‌మెంట్ తర్వాత గీకిన కార్డులే చూపిస్తుంది. ముందు బ్యాచ్ స్లిప్ కూడా కలపాలి. ఇంకా శుభ్రమైన పద్ధతి ఉంది. సాయంత్రం ఆరుకి షిఫ్టు ఎక్కేటప్పుడే ఒకసారి సెటిల్ చేసేయండి. అప్పుడు ఆరు తర్వాత వచ్చిన బ్యాచ్‌లన్నీ రాత్రివే, పగటివి వాటిలో కలవవు.

యూపీఐకి బ్యాచ్ అంటూ లేదు. యాప్ రిపోర్టు తేదీ ప్రకారం ఉంటుంది, అర్ధరాత్రి పన్నెండుకి తెగుతుంది. మీ షిఫ్టు రెండు తేదీల్లో ఉంది. కాబట్టి మొదటి తేదీ రిపోర్టులో సాయంత్రం ఆరు నుంచి పన్నెండు దాకా, రెండో తేదీలో పన్నెండు నుంచి ఆరు దాకా తీసి కలపాలి. స్క్రీన్ మీద పైన కనిపించే "ఈరోజు మొత్తం" ఎత్తి రాసేస్తే ఆ అంకె ఏ షిఫ్టుకీ చెందదు. ఒక్కో సేల్స్‌మ్యాన్‌కి విడి క్యూఆర్ ఉంటే ఈ పని సగం తగ్గుతుంది. అందరికీ ఒకటే క్యూఆర్ పెట్టిన బంకులో యూపీఐ ఎవరిదో తేల్చడం నిజంగా తలనొప్పి.

ఫ్లీట్ కార్డుల డబ్బు మామూలుగా ఆయిల్ కంపెనీ దగ్గర మీ డీలర్ ఖాతాలో జమవుతుంది, మీ బ్యాంకు ఖాతాలోకి రాదు. వాటిని మామూలు కార్డుల గడిలో కలపకుండా విడిగా రాయండి. లేకపోతే షిఫ్టు లెక్క కుదిరినా బ్యాంకు లెక్క కుదరదు.

ఇక ఖాతా చీటీలు. మన పక్క రొయ్యల రైతులకు పంట పట్టేదాకా, ట్రాన్స్‌పోర్టు వాళ్లకు నెలాఖరు దాకా ఖాతా నడుస్తుంది. చీటీ మీద బండి నంబరు లేదా డ్రమ్ము అని, లీటర్లు, సంతకం ఉండాలి. సంతకం లేని చీటీ నేనైతే ఆ పూటకు క్యాష్ కిందే లెక్క వేస్తాను. అంటే ఆ డబ్బు సేల్స్‌మ్యాన్ తేవాలి. కఠినంగా అనిపించవచ్చు గానీ, నెల తర్వాత ఆసామి "ఆరోజు మా వాడు రాలేదే" అంటే చూపించడానికి మీ దగ్గర ఇంకేమీ ఉండదు.

ఒక రాత్రి లెక్క

అంకెలు తేలిగ్గా ఉండటానికి పెట్రోలు లీటరు 110 రూపాయలు, డీజిల్ 97.50 అనుకుందాం. సేల్స్‌మ్యాన్ చేతిలో ఒక పెట్రోలు నాజిల్, రెండు డీజిల్ నాజిళ్లు ఉన్నాయి.

| నాజిల్ | ఓపెనింగ్ | క్లోజింగ్ | తిరిగిన లీటర్లు |
|---|---|---|---|
| 1 పెట్రోలు | 482316.45 | 482628.70 | 312.25 |
| 2 డీజిల్ | 1193504.20 | 1194266.80 | 762.60 |
| 3 డీజిల్ | 905772.10 | 906180.50 | 408.40 |

షీటులో టెస్టింగ్ కింద పెట్రోలు ఐదు, డీజిల్ ఐదు అని రాసి ఉంది. ఆ ప్రకారం పెట్రోలు 307.25 లీటర్లకు 33,797.50 రూపాయలు. డీజిల్ 1,166 లీటర్లకు 1,13,685. ఇంజిన్ ఆయిల్ అమ్మకం 405. మొత్తం రావలసింది 1,47,887.50.

వచ్చిన వైపు చూద్దాం. చేతిలో క్యాష్, డ్రాపులతో కలిపి 43,780. సాయంత్రం ఇచ్చిన చిల్లర 2,000 తీసేస్తే 41,780. కార్డు మెషిన్‌లో పదకొండుకి మూసుకున్న బ్యాచ్ 19,210, తర్వాతది 9,430, కలిపి 28,640. యూపీఐ మొదటి తేదీలో 26,905, రెండో తేదీలో ఆరింటి దాకా 14,410, కలిపి 41,315. ఫ్లీట్ కార్డు ఆ రాత్రి లేదు. ఖాతాలో ఒక రొయ్యల రైతుకు డ్రమ్ములో 200 లీటర్లు, ఒక లారీకి 150 లీటర్లు, కలిపి 34,125. అన్నీ కూడితే 1,45,860.

షార్టు 2,027.50.

మామూలుగా ఇక్కడ జరిగేదేమిటంటే, మేనేజర్ ఆ అంకె చుట్టూ ఎర్ర పెన్నుతో గీత గీసి "జీతంలో పట్టుకోండి" అంటాడు. సేల్స్‌మ్యాన్ "ఒక్క రూపాయి ముట్టుకోలేదు సార్" అంటాడు. ఇద్దరూ అక్కడే ఆగిపోతారు. తేడా దొరికింది కదా అని ఆగకూడదు, అది దేనితో తయారైందో విప్పాలి.

తేడాను విప్పడం

మొదట రీడింగులు ఫోటోతో సరిచూడండి. అంకెలు తారుమారైతే, అంటే 266 బదులు 626 అని రాస్తే, తప్పు తొమ్మిదితో తెగే అంకెగా వస్తుంది. ఇక్కడ 360 లీటర్ల తేడా. రూపాయల్లో చూస్తే ఇది కనిపించదు, లీటర్లలో చూడాలి. మన లెక్కలో రీడింగులు సరిగానే ఉన్నాయి.

తర్వాత టెస్టింగ్. షీటును నమ్మకుండా టెస్టింగ్ రిజిస్టరు తెరవండి. మూడు నాజిళ్లకూ సంతకాలున్నాయి. అంటే పోసింది పదిహేను లీటర్లు, షీటులో తీసింది పది. రిజిస్టరు మీద కూడా అనుమానముంటే ఆటోమేషన్ ఉన్న బంకులో నాజిల్‌వారీ ట్రాన్సాక్షన్ల జాబితా చూడండి. జనం నూరుకి, ఐదు వందలకి, రెండు వేలకి కొట్టించుకుంటారు కాబట్టి లీటర్లు మామూలుగా దశాంశాల అంకెల్లోనే ఉంటాయి. కచ్చితంగా 5.00 లీటర్లు అని, అదీ తెల్లవారుజామున వరసగా మూడు నాజిళ్లలో నాలుగైదు నిమిషాల తేడాతో కనిపిస్తే అవి టెస్టింగే. ఇక్కడ 5:40 మొదలు మూడూ ఉన్నాయి. తీయకుండా వదిలేసిన ఐదు లీటర్ల డీజిల్ విలువ 487.50. షార్టు 1,540కి దిగింది.

ఇప్పుడు ఆరింటి అంచు. షిఫ్టు మారే వేళకు అటూ ఇటూ పది నిమిషాల ట్రాన్సాక్షన్లు, యూపీఐ జాబితా పక్కపక్కన పెట్టండి. నాజిల్ 2లో 5:57కి 1,500 రూపాయల డీజిల్ పోశారు. యూపీఐలో 1,500 పడింది 6:04కి. పోసిన తర్వాత డ్రైవరు యజమానికి ఫోన్ చేసి, ఆయన అక్కడ్నుంచి డబ్బు పంపేసరికి ఏడు నిమిషాలు గడిచాయి. లీటర్లేమో రాత్రి మీటరులోకి, డబ్బేమో పగటి లెక్కలోకి వెళ్లాయి. పగటి మనిషికి సాయంత్రం అంతే ఎక్సెస్ రావాలి. వచ్చిందా అని చూసి, రాత్రి మనిషికి 1,500 కలిపి పగటి లెక్కలోంచి తీసేయండి.

మిగిలింది 40 రూపాయలు. దాన్ని అలాగే షార్టుగా రాసి వదిలేయండి. రాత్రంతా నోట్లు తీసుకుని చిల్లర ఇచ్చే పనిలో ఆ మాత్రం పోతుంది. పైగా మీటరు లీటర్లను రెండు దశాంశాల దాకానే చూపిస్తుంది. బైకులకు నూరు రూపాయల పెట్రోలు పోసినప్పుడల్లా మిగిలే సన్నటి తునకలు లీటర్లను రేటుతో గుణించినప్పుడు కొద్ది రూపాయల తేడాగా బయటపడవచ్చు. ఎంతవరకు వదిలేయాలో బంకు ముందే నిర్ణయించుకోవాలి. నేను షిఫ్టుకు యాభై దాకా పట్టించుకోను. అయితే రోజూ రాసి పెడతాను, ఎందుకంటే ఒకే మనిషికి నెలంతా షార్టే వస్తుంటే అది చిల్లర తేడా కాదు.

సరిచేసిన లెక్కలో రావలసింది 1,47,400, వచ్చింది 1,47,360. పాత షీటును చింపేయకండి, కొట్టివేతలతో సహా ఉంచి కింద కారణం రాయండి.

ఎక్సెస్ గురించి రెండు మాటలు. షార్టుకు జీతం కోసి, ఎక్సెస్‌ను గల్లాలో వేసుకునే బంకుల్లో సేల్స్‌మ్యాన్‌లు తొందరగానే తెలివి మీరుతారు. ఎక్సెస్ వచ్చిన రోజు జేబులో దాచుకుని షార్టు వచ్చిన రోజు కలుపుతారు. అప్పుడు మీ షీటు రోజూ కుదురుతుంది, అందులో నిజం మాత్రం ఉండదు. ఎక్సెస్‌ను కూడా షార్టులాగే రిజిస్టరులో రాసి, అదెక్కడిదో వెతకాలి. కార్డు రెండుసార్లు గీకడం, ఐదు వందల నోటుకు చిల్లర ఇవ్వడం మరిచిపోవడం, ఖాతా చీటీ రాసి డబ్బు కూడా తీసుకోవడం, ఇలాంటివే బయటపడతాయి. వాటి వెనక డబ్బు తిరిగి రావలసిన కస్టమర్ ఒకడుంటాడు.

లెక్క కుదిరినా కనబడనివి

మీటరే తప్పు చూపిస్తే ఈ లెక్కకు ఆ సంగతి తెలియదు. నాజిల్ ఐదు లీటర్లకు ఇరవై మిల్లీలీటర్లు ఎక్కువ పోస్తోందనుకోండి. అది అనుమతించిన హద్దులోనే ఉంది, డబ్బు మీటరుతో చక్కగా కుదురుతుంది. కానీ పైన సరిచేసిన లెక్కలో తేలిన 1,161 లీటర్ల డీజిల్ మీద ఒక్క రాత్రిలో నాలుగున్నర లీటర్లకు పైగా ట్యాంకు నుంచి ఊరికే పోతుంది. అది ఉదయం డిప్ కొట్టి, ట్యాంకు స్టాకును మీటరు అమ్మకంతో పోల్చినప్పుడే తెలుస్తుంది. అందుకే టెస్టింగ్ రిజిస్టరులో "సరి" అని రాయకుండా ఎన్ని మిల్లీలీటర్లు ఎక్కువో తక్కువో రాయించండి.

రెండోది, కార్డు గీకి నోట్లివ్వడం. మూడు వేల డీజిల్ పోసి ఐదు వేలకు కార్డు గీకి రెండు వేలు క్యాష్‌గా ఇచ్చేస్తే మొత్తం కుదిరిపోతుంది, కార్డు వైపు పెరిగినంత క్యాష్ వైపు తగ్గుతుంది. దీన్ని పట్టాలంటే పెద్ద మొత్తాల కార్డు స్లిప్పులు నాలుగైదు తీసి, అదే నిమిషంలో అంత నూనె ఏ నాజిల్ నుంచైనా పోయిందా అని ట్రాన్సాక్షన్ల జాబితాలో చూడాలి. రోజూ అక్కర్లేదు, వారానికి రెండుసార్లు చూస్తున్నారని తెలిస్తే చాలు.

మర్నాడు బ్యాంకులో

షిఫ్టు షీటు మీద కార్డు 28,640 అని రాసినంత మాత్రాన ఆ డబ్బు వచ్చినట్టు కాదు. మామూలుగా తర్వాతి పనిదినం పడుతుంది, చార్జీలేమైనా ఉంటే మినహాయించుకుని. ఇక్కడ షిఫ్టు మొత్తంతో పోల్చకండి, బ్యాచ్ నంబరుతో పోల్చండి. 19,210 బ్యాచ్ ఒక జమగా, 9,430 బ్యాచ్ ఇంకో జమగా కనిపించవచ్చు. సెలవు వస్తే రెండు మూడు రోజులవి ఒకేసారి పడతాయి. ఏ బ్యాచ్ అయినా మూడు పనిదినాలు దాటి రాకపోతే స్లిప్పు పట్టుకుని బ్యాంకును అడగండి. థర్మల్ కాగితపు స్లిప్పుల మీద అక్షరాలు ఎండకు చెరిగిపోతాయి కాబట్టి ఫోటో తీసి పెట్టుకోవడం మేలు.

యూపీఐలో పెండింగ్ అని ఆగిపోయినవాటికి విడి పేజీ పెట్టండి. బండి నంబరు, ఫోన్ నంబరు, మొత్తం, కస్టమర్ ఫోన్‌లో కనిపించే యూటీఆర్ నంబరు అందులో రాయాలి. డబ్బు తర్వాత వస్తే ఆ వరుస కొట్టేయండి. రాకుండా కస్టమర్ ఖాతాలోకే వెనక్కి పోతే ఫోన్ చేసి అడగాలి. యూటీఆర్ రాసుకోకుండా, కస్టమర్ చూపించిన స్క్రీన్‌షాట్ మాత్రమే చూసి పంపించేసిన మొత్తాన్ని ఈ పేజీలో రాయనివ్వకండి, అది ఆ షిఫ్టు షార్టులోనే ఉండాలి.